సంతకం దించకూడదు, వేలిముద్ర వేయించవచ్చు

బ్యాంకు కౌంటర్లో చాలా ఏళ్ళు సంతకాలు సరిచూశాను. వాటిలో ఒకటి తప్పుగా ఉందని పట్టుకున్నది, అది మరీ చక్కగా ఉండటం వల్ల.

భార్యాభర్తలిద్దరి పేరా ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ అది. గడువు ఇంకా ఏడు నెలలుంది. ఆయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ఆసుపత్రిలో డబ్బు కట్టాలి. పెద్దావిడ, కొడుకు ఫారం తెచ్చారు. దాని మీద ఆవిడ సంతకం, పక్కనే ఆయన సంతకం, ముందురోజు తేదీ. మా దగ్గరున్న నమూనా సంతకాన్ని పక్కన పెట్టి చూశాను. గీతకు గీత సరిపోయింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా రెండుసార్లు అచ్చం ఒకేలా సంతకం చేయలేడు. ఒత్తిడి ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా ఉంటుంది, చివరి గీత వేగంగా సన్నబడుతుంది. ఈ సంతకంలో సిరా మొదటినుంచి చివరిదాకా ఒకే మందాన ఉంది, మధ్యలో రెండుచోట్ల కలం ఆగి మళ్ళీ కదిలిన చుక్కలున్నాయి. కుడిచెయ్యి కదలని మనిషి రాత కాదది.

"నాన్నగారికి తెలుసు సార్, ఆయన సరేనన్నట్టు తలూపారు, నేనే దించాను" అన్నాడు కొడుకు. అబద్ధం చెప్పలేదని నాకు అనిపించింది. అయినా ఫారం తిరిగి ఇచ్చేశాను. ఆయన ఒప్పుకున్నాడా లేదా అన్నది కాగితం మీద కనిపించాలి. దించిన సంతకంలో కనిపించేది కొడుకు చెయ్యి మాత్రమే.

"ఎవరో ఒకరు చేస్తే చాలు అన్నారు కదా బాబూ, అకౌంటు తెరిచేటప్పుడు?" అని అడిగారావిడ. నిజమే, అది 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో వేసిన డిపాజిట్. గడువు తీరాక ఒక్కరి సంతకానికే డబ్బిస్తాం. గడువుకు ముందే తీయాలంటే, ఇద్దరూ బతికున్నంతకాలం ఇద్దరి సంతకాలూ కావాలి. చాలామందికి ఈ తేడా అవసరం వచ్చిన రోజే తెలుస్తుంది. నాకది ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దీనికి రిజర్వు బ్యాంకు చెప్పిన దారి ఒకటుంది. సంతకం చేయలేని ఖాతాదారు బొటనవేలి ముద్ర, అదీ కుదరకపోతే కాలి వేలి ముద్ర వేయవచ్చు. దాన్ని బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఆ ముద్ర కూడా వేయలేని వాళ్ళు ఫారం మీద ఏదో ఒక గుర్తు పెట్టినా చెల్లుతుంది, సాక్షుల నియమం మాత్రం అదే. కొడుకు సాక్షిగా పనికిరాడు, డబ్బు కోసం వచ్చినవాడు కాబట్టి.

ఆవిడతో అభ్యర్థన రాయించుకుని, కొత్త ఫారం, ఇంకుప్యాడ్ తీసుకుని ఆ సాయంత్రమే మా అధికారితో పాటు వెళ్ళాను. ఆయనకు స్పృహ ఉందని, అడిగింది అర్థమవుతుందని వార్డు డాక్టరుతో రాయించుకున్నాం. ఆయన పాత ఖాతాదారు, మా అధికారికి బాగా తెలుసు. రెండో సాక్షి వాళ్ళ వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారు, ఆయనదీ మా బ్రాంచిలోనే ఖాతా. ముందు కొడుకును గది బయట ఉండమన్నాం. ఫారం తెలుగులో చదివి వినిపించి, "ఈ డిపాజిట్ ఇప్పుడే తీయమంటారా?" అని అడిగాం. తలూపారు. ఊరికే తలూపుతున్నారేమో చూడాలని, "ఈ డబ్బు వేరే ఊళ్ళో ఉన్న మీ తమ్ముడికి ఇమ్మంటారా?" అన్నాను. వెంటనే అడ్డంగా ఊపారు. "మీ ఇద్దరి సేవింగ్స్ ఖాతాలో వేయమంటారా?" మళ్ళీ నిలువుగా. ఆ తేడాయే మాకు కావలసింది.

ఎడమ బొటనవేలు బాగానే ఉంది. ఒకసారి అదిమించాం, రుద్దనివ్వలేదు. రుద్దితే గీతలు అలుక్కుపోయి, ముద్ర గుర్తుపట్టడానికి పనికిరాదు. పక్కన 'ఫలానావారి ఎడమ బొటనవేలి ముద్ర, చదివి వినిపించి అర్థం చేయించిన మీదట వేసినది' అని రాసి సాక్షులిద్దరూ సంతకం చేశారు. సొమ్ము జాయింట్ సేవింగ్స్ ఖాతాకు పోయింది. అందులోంచి ఆవిడ ఒక్కరే తీసుకోగలరు, కాబట్టి ఆయన్ని మళ్ళీ ఇబ్బంది పెట్టనక్కర్లేకపోయింది.

"పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే మళ్ళీ మళ్ళీ ఈ బాధ ఉండదా?" అన్నాడు కొడుకు. రాయించుకోవచ్చు, కానీ అప్పుడు కూడా నాన్న సంతకం దించడం ఉండదు. 'ఫలానావారి తరఫున' అని రాసి, తన సంతకం తను చేయాలి. పైగా, రాసిచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం తప్పినా ఆ అధికారం పోతుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. కోమాలో ఉన్న మనిషి ఎవరికీ అధికారం ఇవ్వలేడు. అప్పుడు కుటుంబం కోర్టును ఆశ్రయించి సంరక్షకుణ్ణి నియమించుకోవాలి. అలాంటివారి కోసం ప్రత్యేక చట్టం లేకపోవడంతో 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. అది నెలల పని. అందుకే స్పృహ ఉన్నప్పుడే బ్యాంకుకు వెళ్ళమని నేను అందరికీ చెబుతాను.

ఆయన నాలుగు నెలలకు కర్ర పట్టుకుని బ్రాంచికి వచ్చారు. ఎడమచేత్తో నేర్చుకున్న సంతకాన్ని కొత్త నమూనాగా ఇచ్చారు, మూడుసార్లు చేశారు. మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. వాటిని తీసుకుని కార్డు మీద పెట్టాను.