మాట లేని ఫొటో

మేనకోడలి పెళ్లి శుభలేఖ ప్రూఫు చూసుకుందామని రాజమండ్రిలో తెలిసినాయన డీటీపీ సెంటర్లో కూర్చున్నాను. ఆయన ఫోన్ టింగుమంది. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టి అమ్మే ఒకావిడ వాట్సాప్‌లో ఫొటో పంపారు. పెట్టె మీద అంటించే లేబుల్ నమూనా అది. కింద ఒక్క ముక్క లేదు. బాగుందా అని అడగలేదు, తప్పులు చూడమనలేదు, అచ్చు కొట్టెయ్యమనీ అనలేదు.

నేనైతే ముందు రంగుల మీద పడేవాణ్ణి. వెనకాల పూతరేకుల ఫొటో, దాని మీద తెల్లటి అక్షరాలు, నాలుగు మూలలా బంగారు లతలు. ఆయన మాత్రం ఫోన్ దగ్గరగా పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదవడం మొదలెట్టాడు. ‘స్వచ్చమైన నెయ్యితో’ అన్నది చూడగానే మనకి అర్థం తెలిసిపోతుంది, కన్ను ముందుకెళ్ళిపోతుంది. ఆయన కన్ను ‘చ్చ’ దగ్గర ఆగింది. అక్కడ ఉండాల్సింది ఛ ఒత్తు. గోదారి జిల్లాల్లో సగం నేతి కొట్ల బోర్డుల మీద ఈ తప్పే ఉంటుందని నా అనుమానం.

తర్వాత ఊరి పేరు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చాక ఊరి పేరే సరుకులో సగం. లేబుల్లో అది ‘ఆత్‌రేయపురం’ అని పడింది. త మీద పొల్లు నిలబడిపోయి, ర ఒత్తు విడిపోయి పక్కన పూర్తి అక్షరమైంది. “ఇది టైపు కొట్టినోడి తప్పు కాదండి” అన్నాడాయన. కొట్టిన అక్షరాలు సరైనవే. వాటిని ఒత్తులుగా కలిపే పని సాఫ్ట్‌వేర్‌ది. పాత ఫొటోషాప్‌లో World-Ready Layout అన్నది ఎంచుకోకపోతే ఇలాగే విరిగిపోతుంది. అందుకని ఈ తప్పుని ‘స్పెల్లింగు దిద్దుకోండి’ అని చెప్తే లాభం లేదు. ఎన్నిసార్లు మళ్ళీ కొట్టినా అదే వస్తుంది.

ఆహార లైసెన్సు నంబరుకి వచ్చాక ఆయన పెన్ను తీశాడు. ఆ నంబరుకి 14 అంకెలుండాలి. రెండేసి చొప్పున లెక్కపెట్టుకుంటూ పోతే ఏడు జతలు రావాలి. ఆరు జతలయ్యాక ఒక్క అంకె మిగిలింది. ఎక్కడో ఒకటి జారిపోయిందన్నమాట. ఎక్కడ జారిందో ఊహించే పని పెట్టుకోలేదు. నంబరు మళ్ళీ టైపు చేసి పంపమనీ అనకూడదట. లైసెన్సు కాగితం ఫొటో అడగాలట. ఒకసారి జారిన చెయ్యి రెండోసారీ జారుతుంది.

నికర బరువు తెలుగులోనే ఉంది. తెలుగు ఉండొచ్చు కానీ, చట్టం ప్రకారం ఆ వివరాలు ఇంగ్లిషులోనో హిందీలోనో తప్పకుండా ఉండాలి. దాన్నీ రాసుకున్నాడు.

అప్పుడు ఫోన్ చేశాడు. లేబుల్ బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు.

“ఏవండీ, ఇది అచ్చుకెళ్ళిపోడానికాండీ, ఇంకా చూసుకుంటున్నారా?”

“మా అబ్బాయి చేశాడండి. శుక్రవారానికి పెట్టెలు కావాలండి.”

“ఆయ్. అయితే అబ్బాయిగారిని అసలు ఫైలు పంపమనండి. లేబుల్ ఫొటో వద్దండి. లైసెన్సు కాగితం ఫొటో మాత్రం పంపండి.”

ఆ ఒక్క ప్రశ్నలోనే ఆయన పనితనమంతా ఉందనిపించింది. ఇంకా చూసుకుంటున్నామని ఆవిడ అని ఉంటే రంగుల సంగతి, అమరిక సంగతి ముందు మాట్లాడేవాడు. మారిపోబోయే లేబుల్లో ఒత్తులు దిద్దడం వృథా శ్రమ. శుక్రవారం అన్నాక రంగుల మాట ఎత్తితే ఆ కుర్రాడు మొత్తం మళ్ళీ కొత్తగా చేస్తాడు. దిద్దిన తప్పులు తిరిగొస్తాయి, వాటి వెనకాల కొత్తవీ వస్తాయి. ఇక ఫొటో మీద దిద్దాలంటే అక్షరం చెరిపిన చోట వెనకున్న రేకుల బొమ్మ కూడా చెరిగిపోతుంది. అతుకు వేసినట్టు కనపడుతుంది.

మరి ఆ తెల్లక్షరాల మాటేమిటని అడిగాను. పూతరేకు తెలుపు, అక్షరం తెలుపు. ఇది అభిరుచికి సంబంధించిందా, చదవడానికి సంబంధించిందా? “అది ఆవిడే చెప్తారులెండి” అన్నాడు.

మర్నాడు శుభలేఖల కోసం వెళ్ళేసరికి ఆవిడ వచ్చి ఉన్నారు. ఆయన దిద్దిన లేబుల్ అసలు సైజులో ప్రింటు తీసి, ఖాళీ పెట్టెకి చుట్టి, కౌంటర్ మీద నిలబెట్టాడు. ప్రూఫు కాగితం మీద తప్పుల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు, పక్కన 1, 2, 3, 4 అని అంకెలు. ఆవిడ కాగితం చూసి సరేనన్నారు. తర్వాత పెట్టె వైపు తిరిగి, రెండడుగులు వెనక్కి వేసి కళ్ళు చిట్లించారు.

“ఊరి పేరు కనపడ్డం లేదేంటండీ?”

ఆయన అప్పటికే మౌస్ పట్టుకుని ఉన్నాడు. అక్షరాల వెనక బెల్లం రంగు పట్టీ ఒకటి వేశాడు. లతల జోలికి పోలేదు.