గజాలు సరే, వెడల్పెంత?

ఇల్లు కట్టుకుందామని మా ఆఫీసుకి వచ్చేవాళ్ళు కుర్చీలో కూర్చోగానే అడిగే మాట ఒకటే: ‘‘సార్, రెండొందల గజాలుంది, ఎన్ని అడుగులు కట్టుకోవచ్చు?’’ చెన్నైలో అయితే దీనికి అక్కడికక్కడే లెక్క చెప్పొచ్చు. అక్కడ మామూలు ఇళ్ళకి ఎఫ్‌ఎస్‌ఐ 2. అంటే స్థలం ఎన్ని చదరపు అడుగులుంటే అన్ని అంతస్తులూ కలిపి దానికి రెట్టింపు. రెండొందల గజాలంటే 1,800 చదరపు అడుగులు, కాబట్టి 3,600. సెట్‌బ్యాకులు అక్కడా ఉన్నాయి, కానీ పైపరిమితి మాత్రం ఆ అంకెదే.

హైదరాబాదులో ఆ అంకె లేదు. 2006లో జీవో 86 వచ్చినప్పుడు ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశారు. 2012 నాటి జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. చుట్టూ ఇంత వదులు, ఇంత ఎత్తు దాటకు, మధ్యలో ఎంత పడితే అంత నీది. అందుకే నేను గజాలు విన్నాక మళ్ళీ అడుగుతాను, వెడల్పెంత అని. చాలామందికి వెంటనే గుర్తురాదు. దస్తావేజు తీసి చూడాల్సిందే.

ముప్ఫై బై అరవై బిట్టు తీసుకుందాం. ముందు మామూలు కాలనీ రోడ్డు. వంద నుంచి రెండొందల చదరపు మీటర్ల మధ్య స్థలానికి ముందు వైపు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. ఎత్తు పది మీటర్లు, అంటే గ్రౌండ్ మీద రెండు. వెడల్పులో రెండు మీటర్లు పోతే సుమారు 23 అడుగుల 5 అంగుళాలు, పొడవులో రెండున్నర మీటర్లు పోతే 51 అడుగుల 9 అంగుళాలు మిగులుతాయి. ఒక్కో స్లాబు 1,214 చదరపు అడుగులు, స్థలంలో మూడింట రెండు వంతులు. మూడు స్లాబులూ కలిపితే 3,640 పైచిలుకు. ఎఫ్‌ఎస్‌ఐ అనే మాట ఎత్తకుండానే చెన్నై లెక్కకి కాస్త ఎక్కువే తేలింది.

ఇప్పుడు అవే రెండొందల గజాలు ఇరవై బై తొంభై అనుకోండి. అన్నదమ్ములు పంచుకున్న స్థలాల్లో ఇలాంటివి బోలెడు. వెడల్పు 13 అడుగుల 5 అంగుళాలకి దిగిపోతుంది. స్లాబు 1,100, మూడూ కలిపి 3,300. గజం తగ్గలేదు, సుమారు 340 అడుగులు పోయాయి. పైగా మిగిలిన వెడల్పులో రెండు బయటి గోడలు, మూడడుగుల నడవా, ఒక అడ్డగోడ తీసేస్తే గదికి దక్కేది ఎనిమిదిన్నర అడుగులు. డబుల్ కాట్ వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు. పొడవు వెడల్పుకి నాలుగింతలుండే ఇరుకు స్థలాలకి పక్కల వదిలేది తగ్గించి ముందూ వెనకా ఎక్కువ వదిలే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. కానీ పక్కన మీటరుకి తగ్గకూడదు. ఇక్కడ వదిలేదే మీటరు, కాబట్టి అది ఈ బిట్టుకి ఎందుకూ పనికిరాదు.

బాల్కనీ బయటికి లాగితే సరిపోతుంది కదా అంటారు. సెట్‌బ్యాకులోకి బాల్కనీ రాకూడదు. ఎండకీ వానకీ సజ్జా అరవై సెంటీమీటర్ల దాకా రావచ్చు, అంతే.

కాగితం మీద ఇంత జాగ్రత్తగా తేల్చిన మీటరు ముగ్గు పోసే రోజున పోతుంది. మేస్త్రి కాంపౌండ్ గోడ నుంచి టేపు పట్టి మీటరు దగ్గర దారం కడతాడు. ఆ దారం గోడకి సెంటర్ లైన్. తొమ్మిదంగుళాల గోడలో సగం, అంటే పదకొండున్నర సెంటీమీటర్లు, దారానికి అవతల సెట్‌బ్యాకులోకి వస్తుంది. దానిమీద ప్లాస్టరింగు రెండు సెంటీమీటర్లు. మొత్తం పదమూడున్నర. పక్క సెట్‌బ్యాకుల్లో పది శాతం దాకా తేడాని జరిమానా కట్టించుకుని వదిలేస్తారు. మీటరులో పది శాతమంటే పది సెంటీమీటర్లు. ఎవరూ కావాలని ఆక్రమించలేదు, అయినా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర ఫైలు ఆగుతుంది. ఈశాన్యం ఎక్కువ వదలాలని ఇల్లు మొత్తాన్ని నాలుగంగుళాలు నైరుతికి జరిపించే వాస్తు పెద్దమనిషి కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

గుంతలు తవ్వకముందు ఇది పట్టుకోవడం తేలిక. దారం నుంచి బయటికి పదమూడున్నర సెంటీమీటర్ల దగ్గర ఇంకో దారం కట్టించి, అక్కడి నుంచి హద్దుకి కొలవాలి. హద్దు అంటే దస్తావేజు కొలతలతో తేల్చిన హద్దు. పక్కాయన కాంపౌండ్ గోడ అరడుగు ఇవతలికి వచ్చిందా, అవతలికి పోయిందా అనేది నాలుగు మూలలూ, రెండు ఐమూలలూ కొలిస్తే గానీ తెలియదు. పిల్లర్లు లేచాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.