ఏ రుద్రదేవుడు?

కాకతీయుల శాసనాల్లో 'కాకతీయ రుద్రదేవ మహారాజులు' అన్న మాట కనబడగానే తొందరపడి రాజును తేల్చేయకూడదు. ఆ పేరుతో ఓరుగల్లు గద్దె మీద ఇద్దరు కూర్చున్నారు. ఒకరు రెండో ప్రోలరాజు కొడుకు, 1158 నుంచి 1195 దాకా ఏలాడు. ఇంకొకరు గణపతిదేవుడి కూతురు, 1262 నుంచి 1289 దాకా ఏలిన, మనందరికీ తెలిసిన రుద్రమదేవి. తండ్రి ఆమెను మగపిల్లాడిలా పెంచి, రుద్రదేవుడన్న పేరుతోనే రాజ్యం అప్పగించాడు. అందుకే ఆమె కాలపు శాసనాల్లోనూ చాలాచోట్ల 'మహారాజు' అనే ఉంటుంది. రాతి మీది వ్యాకరణాన్ని బట్టి ఆడో మగో చెప్పడం కుదరదు.

ఇద్దరి మధ్య ఎడం సుమారు వందేళ్లే. ఒకరి ఖాతాలోంచి ఇంకొకరి ఖాతాలోకి ఒక గుడో, ఒక చెరువో, ఒక యుద్ధమో జారిపోవడానికి అది చాలు. హనుమకొండ వేయిస్తంభాల గుడి రుద్రమదేవి కట్టించిందనుకునేవాళ్లు తగలడం అందుకే. పేరు దగ్గర, ఊరు ఒకటే, వంశం ఒకటే. పైగా ఇద్దరిలో సినిమాలకూ నవలలకూ ఎక్కింది ఆమే. జనం నోట కీర్తి ఎప్పుడూ ఎక్కువ తెలిసినవాళ్ల వైపే ఒరుగుతుంది.

ఆ గుడి శాసనాన్నే తీసుకుని చూద్దాం. అందులో శక సంవత్సరం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, శనివారం అని ఉంది. శక సంఖ్యకు 78 కలిపితే 1162 వస్తుంది. మాఘ మాసం కాబట్టి ఇంగ్లీషు లెక్కలో ఏడాది మారి, 1163 జనవరి 19 అవుతుంది. అప్పటికి రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు గద్దెనెక్కడానికే ఇంకా ముప్పై ఆరేళ్లుంది. ఆమె ప్రసక్తే లేదు.

కానీ రాళ్లన్నీ ఇంత బుద్ధిగా ఉండవు. శక సంఖ్య ఉన్న మూల పెచ్చు ఊడిపోయి, 'చిత్రభాను సంవత్సరం' అన్నంత వరకే మిగిలిందనుకోండి. అప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. 1162 ఉగాదికి మొదలైన చిత్రభాను మళ్లీ 1222లో, ఆ తర్వాత 1282లో వచ్చింది. 1222 గణపతిదేవుడి కాలం కాబట్టి దాన్ని పక్కన పెట్టవచ్చు. 1282 మాత్రం సరిగ్గా రుద్రమదేవి పాలనలో పడుతుంది. పేరు రుద్రదేవుడు, ఏడు చిత్రభాను. ఇద్దరికీ సరిపోతుంది!

ఇక్కడ శాసన పరిశోధకులు పట్టుకునేది తిథివారాలను. చంద్రుడి లెక్కకూ వారం లెక్కకూ పొత్తు కుదరదు కాబట్టి, ఒక తిథి వేర్వేరు ఏళ్లలో వేర్వేరు వారాల్లో పడుతుంది. 1163లో మాఘ శుద్ధ త్రయోదశి శనివారం వచ్చింది. నూట ఇరవై ఏళ్ల తర్వాతి చిత్రభానులో, అంటే 1283 జనవరిలో, అదే త్రయోదశి మంగళ, బుధవారాల దగ్గర పడుతుంది. తిథి మొదలయ్యే వేళను బట్టి ఒక రోజు అటూ ఇటూ జరిగినా శనివారం దాకా రాదు. అంటే శక సంఖ్య చెరిగిపోయినా, 'శనివారం' అన్న ఒక్క మాట మిగిలితే రాజు ఎవరో తేలిపోతుంది. పాత శాసనాల్లో శనివారాన్ని 'వడ్డవారం' అంటారు. ఆ సంగతి తెలియకపోతే చేతికి అందిన ఆధారాన్ని చూసీ వదిలేస్తాం.

తిథి కూడా పోతే? అప్పుడు రాజు పేరు కన్నా పక్కవాళ్ల పేర్లు నమ్మదగినవి. దానమిచ్చింది రాజే కానక్కర్లేదు. చాలా శాసనాలు సామంతులూ సేనానులూ మంత్రులూ వేయించినవే, రాజు పేరు అందులో మర్యాదకు చెప్పిందే. గంగాధర మంత్రి కనిపిస్తే మొదటి రుద్రదేవుడి కొలువు. కాయస్థ జన్నిగదేవుడో, ఆయన తర్వాత తిరుగుబాటు చేసిన అంబదేవుడో కనిపిస్తే రుద్రమదేవి కాలం. కాయస్థులు కాకతీయుల కొలువులో పైకొచ్చిందే గణపతిదేవుడి హయాంలో. కాబట్టి మొదటి రుద్రదేవుడి దర్బారులో వాళ్లు ఉండే వీలు లేదు.

తండ్రి పేరు చూడటం సులువైన దారి అనిపిస్తుంది. ప్రోలుడి కొడుకు, గణపతి కూతురు అని ఉంటే తగువే లేదు. అయితే కాకతీయులు తాతల పేర్లు మనవలకు పెట్టుకున్నారు, అల్లుళ్లు కూడా అవే పేర్లతో వచ్చారు. గణపతిదేవుడి తండ్రి మహాదేవుడు. రుద్రమ కూతురు ముమ్మడమ్మ భర్త కూడా మహాదేవుడే. ఈ రెండో మహాదేవుడి కొడుకు ప్రతాపరుద్రుడు. మొదటి రుద్రదేవుడిని కూడా ప్రతాపరుద్రుడనే వాడుక ఉండటంతో చరిత్రకారులు ఒకటి, రెండు అని అంకెలు తగిలించాల్సి వచ్చింది. ఆ అంకెలు మనం పెట్టుకున్నవి. ఏ రాతి మీదా ఉండవు. ఇది చాలదన్నట్టు రెండు వందల ఏళ్ల తర్వాత కళింగలో గజపతి ప్రతాపరుద్రుడు వచ్చాడు. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి, కొండవీడు గెలుచుకున్నది ఈయన దగ్గరి నుంచే. 'ప్రతాపరుద్ర మహారాజుల కాలంలో' అని ఒక ఊరి కథ మొదలైతే, ముందు అది ఏ ప్రతాపరుద్రుడో అడగాలి.

బిరుదులు ఈ పనికి పెద్దగా అక్కరకు రావు. 'శ్రీమన్మహామండలేశ్వర' అన్నది చాళుక్యుల కింద సామంతులుగా ఉన్ననాటి మాట. స్వతంత్రులయ్యాక కూడా దాన్ని వదలక తరతరాలుగా వాడుకున్నారు. లిపి కొంత సాయపడుతుంది గానీ, అది శతాబ్దం మేరకు చెప్పగలదే తప్ప ఏడాది చెప్పలేదు.

బయటివాళ్ల రాతలను పట్టుకున్నా పొరపాటు తప్పలేదు. మార్కో పోలో రుద్రమదేవిని చనిపోయిన రాజుగారి భార్యగా రాశాడు. ఆ మాట పట్టుకుని ఆమె గణపతిదేవుడి రాణి అనుకున్నవాళ్లూ ఉన్నారు. దీన్ని సరిదిద్దింది 1261 నాటి మల్కాపురం శాసనం. గణపతిదేవుడు విశ్వేశ్వర శివాచార్యుడికి ఇస్తానన్న మందడం గ్రామాన్ని, వెలగపూడితో కలిపి రుద్రమ ఇచ్చిన సంగతి అందులో ఉంది. ఆమె గణపతి కూతురని కూడా స్పష్టంగా ఉంది. ఆమె మరణం గురించి 1289 నవంబరు నాటి నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం చెబుతోంది. దేశం తిరిగి వెళ్లిన యాత్రికుడి మాట ఒక వైపు, ఆమె సొంత రాజ్యంలో ఆమె కాలంలోనే చెక్కిన రాయి మరో వైపు ఉంటే, చుట్టరికం విషయంలో రాయినే నమ్మాలి.

ఇన్ని చేసినా కొన్ని రాళ్లు లొంగవు. తేదీ లేదు, సామంతుడి పేరు లేదు, తండ్రి పేరు లేదు, ఉన్నదల్లా రుద్రదేవుడు. అలాంటి దాన్ని ఇద్దరిలో ఒకరికి అంటగట్టడం కన్నా 'రుద్రదేవుడు లేదా రుద్రమదేవి' అని రాసి వదిలేయడమే మేలు. అంటగట్టిన మాట నాలుగు పుస్తకాల్లోకి పాకితే, ఆ తర్వాత దాన్ని వెనక్కి లాగడం కష్టం.

ఊళ్లో శాసనం కనబడితే ఫోటో తీసేవాళ్లకు ఒక మాట. రాజు పేరున్న వరుస ఒక్కటే తీసి పంపకండి. రాయికి నాలుగు పక్కలా తీయండి. ముఖ్యంగా శక సంవత్సరం, తిథి, వారం ఉన్న వరుసలు, చివర దానం ఇచ్చినవాళ్ల పేర్లున్న వరుసలు విడివిడిగా, స్పష్టంగా తీయండి. అక్షరాలు కనబడాలని సున్నమో పసుపో రాయకండి, పెచ్చులూడే రాయిని గీకకండి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో తీస్తే లోతు తక్కువైన అక్షరాలు కూడా వాటంతటవే తేలతాయి.