మెగ్నీషియం పట్టు

హోసూరు గులాబీ తోటల్లో, తళి, దేంకణికోట వైపు పొదల అంచుల్లో పనిచేసేవాళ్లకు వానలు వెనకబట్టాక జ్వరం వస్తే స్క్రబ్ టైఫస్‌ను కూడా అనుమానించాలి. పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి పిల్ల కుట్టినప్పుడు ఓరియెన్షియా అనే సూక్ష్మజీవి ఒంట్లోకి దిగుతుంది. దిగి మన కణాల లోపలే కాపురం పెడుతుంది.

ఇలాంటి రోగి ఒకామె అనుకుందాం. వారం రోజులుగా జ్వరం, తలనొప్పి. మందుల షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ తెచ్చుకుని మూడు రోజులు వేసుకుంది. తగ్గలేదు, పైగా ఆయాసం మొదలైంది. ఆసుపత్రిలో డాక్టరు ఒళ్లంతా వెతికితే చంకలో నొప్పిలేని నల్లటి పొక్కు కనిపించింది. సిగరెట్‌తో కాల్చినట్టుండే ఆ మచ్చే ఈ జ్వరానికి గుర్తు. అయితే అది అందరిలోనూ ఉండదు, ఉన్నా రోగికి కనపడని మడతల్లోనే ఎక్కువగా ఉంటుంది.

సిప్రోఫ్లాక్సాసిన్ చేతకాని మందేమీ కాదు. మూత్రనాళపు ఇన్ఫెక్షన్లు తెచ్చే గ్రామ్ నెగటివ్ బాక్టీరియా మీద దాని వంశమైన ఫ్లోరోక్వినోలోన్ల దెబ్బ గట్టిది. ఆ పనితనం చూసి తీరాలి. బాక్టీరియా డీఎన్ఏ విడిపోతున్నకొద్దీ నులక తాడులా మెలి బిగుసుకుంటుంది. గైరేజ్ అనే ఎంజైము రెండు పోగులనూ తెంపి, మెలి తీసి, మళ్లీ అతికిస్తుంది. మందు సరిగ్గా తెంపిన క్షణంలో దూరి, అతుకు పడకుండా ఆపుతుంది. బాక్టీరియా తన ఎంజైముతోనే తన డీఎన్ఏను ముక్కలు చేసుకుంటుంది. ఇంత పదునైన ఆలోచన మందుల్లో అరుదు.

అయితే ఆ మందు ఎంజైమును నేరుగా పట్టుకోదు. మధ్యలో ఒక మెగ్నీషియం అయాను, దాని చుట్టూ నీటి అణువులు వంతెనగా నిలుస్తాయి. ఆ వంతెనకు ఎంజైము వైపు ఆనిక ఇచ్చేది 83వ స్థానంలోని సెరీన్. ఓరియెన్షియాలో ఆ చోట పుట్టుకతోనే ల్యూసీన్ ఉంది. ఆనిక లేదు, వంతెన నిలవదు. మన రోగికి మూడు రోజులు వృథా అయినది అందుకే.

టెట్రాసైక్లిన్లదీ మెగ్నీషియం పట్టే, చోటు మాత్రం వేరు. బాక్టీరియా ప్రోటీన్లు తయారయ్యే రైబోజోములో చిన్న భాగమైన 30ఎస్‌కు మెగ్నీషియం ఆసరాతో అతుక్కుని, కొత్త అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ కూర్చునే చోటును ఆక్రమిస్తాయి. కణాల్లోకి తేలిగ్గా చొరబడతాయి కాబట్టి లోపల దాక్కున్న రికెట్సియా జాతి జ్వరాలకు ఇవే మొదటి మందులు. ఈ వంశంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లే ప్రయోగశాల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మట్టిలోంచి దాన్ని వెలికితీసింది బెంజమిన్ డగ్గర్. ఇప్పుడు వాడే డాక్సీసైక్లిన్ ఆ వంశపు తర్వాతి తరం.

మాక్రోలైడ్లకు ఈ లోహంతో పని లేదు. రైబోజోము పెద్ద భాగమైన 50ఎస్‌లో, తయారైన ప్రోటీను బయటికొచ్చే సొరంగంలో అడ్డం పడతాయి. గొంతు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు వీటి పేట. అజిత్రోమైసిన్ ఓరియెన్షియా మీదా పనిచేస్తుంది, గర్భిణికి ఇవ్వడానికి వీలైనది కూడా అదే.

ఒకటి 30ఎస్, ఒకటి 50ఎస్. రెండూ కలిపితే? కృష్ణగిరి నుంచి వాణియంబాడి, ఆంబూరు మీదుగా వెళితే వచ్చే వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ముందుండి నడిపిన అధ్యయనం దీనికి జవాబు చెప్పింది. 2023లో వెలువడింది. తీవ్రమైన స్క్రబ్ టైఫస్ ఉన్న 794 మందికి ఏడు రోజులు నరం ద్వారా మందు ఇచ్చారు. మరణం, ఏడో రోజుకీ తగ్గని సమస్యలు, అయిదో రోజుకీ తగ్గని జ్వరం కలిపి లెక్కేస్తే రెండు మందులూ కలిపి ఇచ్చినవాళ్లలో 33 శాతం, డాక్సీ ఒక్కటే అయితే 47, అజిత్రో ఒక్కటే అయితే 48. మరణాలు మాత్రం విడిగా చూస్తే స్పష్టంగా తగ్గలేదు. ఆయాసంతో వచ్చిన మన రోగి లాంటివారికి ఆ జోడీ సరైనదని నా నమ్మకం. మామూలు కేసుకు డాక్సీ మాత్రలు చాలు.

ఈ మందుల చెడులో కొంత ఆ మెగ్నీషియం లాంటి లోహాల పట్టులోంచే వస్తుంది. పాలు, ఐరన్ మాత్రలు, కడుపు మంటకు వేసుకునే యాంటాసిడ్లు క్వినోలోన్లనూ టెట్రాసైక్లిన్లనూ కడుపులోనే బంధించేస్తాయి. వీటిలో డాక్సీకి పాల బెడద కొంత తక్కువ. పాత టెట్రాసైక్లిన్లు కాల్షియంతో కలిసి ఎదిగే పిల్లల పళ్లకు రంగు పట్టించాయి. కొద్దిరోజుల డాక్సీతో ఆ భయం అంతగా లేదు. దాన్ని గ్లాసెడు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోకూడదు, లేదంటే మాత్ర అన్నవాహికలో పుండు చేస్తుంది. ఎండలో చర్మం తొందరగా కమిలిపోతుంది, తోటపని చేసేవాళ్లకు ఈ మాట చెప్పితీరాలి. మాక్రోలైడ్లు, ముఖ్యంగా ఎరిత్రోమైసిన్, పేగుల కదలికను రెచ్చగొట్టి నొప్పి, విరేచనాలు తెస్తాయి. గుండె లయనూ కొందరిలో చెదరగొట్టగలవు, ఆ గుణం ఫ్లోరోక్వినోలోన్లకూ ఉంది. ఫ్లోరోక్వినోలోన్ వేసుకుంటుండగా మడమ వెనక నొప్పి పుడితే మందు ఆపి డాక్టరుకు చెప్పాలి. స్నాయువు తెగే ప్రమాదం ఉంది, అరవై దాటినవాళ్లకూ స్టెరాయిడ్లు వాడేవాళ్లకూ మరీ ఎక్కువ. దగ్గుతో వచ్చినవారిలో ఇవి క్షయను కొన్నాళ్లు కప్పిపెట్టగలవు కూడా.

డాక్సీ మొదలుపెట్టాక మామూలు స్క్రబ్ టైఫస్ జ్వరం రెండు రోజుల్లో దిగుతుంది. దిగకపోతే మందు మార్చేముందు జబ్బు అదేనా అని మళ్లీ చూడాలి.