మసాలా దోశ మీద ఐదు రూపాయలు

డిమాండ్ వ్యాకోచత్వం అనగానే చాలామందికి ఇంటర్‌లో బట్టీపట్టిన నిర్వచనమే గుర్తొస్తుంది. 1890లో అచ్చయిన తన అర్థశాస్త్ర గ్రంథంలో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ చూపిన పనితనం ఆ బట్టీలో కనపడదు. కిలోలు, ప్లేట్లు అన్నీ పక్కనపెట్టి ఆయన శాతాన్ని శాతంతో భాగించాడు. అమ్మకం ఎంత శాతం తగ్గిందో, ధర ఎంత శాతం పెరిగిందో చూస్తే చాలు, ఉప్పునూ దోశనూ ఒకే కొలతతో కొలవొచ్చు. ఉప్పు ధర పెరిగిందని కూరలో చిటికెడు తగ్గించేవాళ్లు ఉండరు, కాబట్టి దాని లెక్క సున్నాకు దగ్గర్లో ఉంటుంది. దోశకు అలా కాదు, పక్కనే ఇంకో బండి ఉంటుంది.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద ఒక టిఫిన్ సెంటర్ ఉందనుకుందాం. మసాలా దోశ 50 రూపాయలు. పిండి, ఆలుగడ్డ, నూనె, గ్యాసు కలిపి ప్లేటుకు 30 ఖర్చు, 20 మిగులు. రోజుకు 100 ప్లేట్లు పోతే మిగిలేది 2,000.

ధర 55 చేస్తే ప్లేటుకు 25 మిగులుతుంది. 2,000ను 25తో భాగిస్తే 80. ఈ 80 నాకు భలే నచ్చుతుంది, ఎందుకంటే బోర్డు మీద ధర మార్చకముందే చేతికొస్తుంది. రోజుకు 80 ప్లేట్లు దాటుతున్నంతవరకు నష్టం లేదు. అంతకన్నా పడిపోతే పాత ధరకు రావాలి.

అమ్మకం 85కు తగ్గిందనుకోండి. ధర 10 శాతం పెరిగితే కొనుగోలు 15 శాతం పడింది, అంటే వ్యాకోచత్వం 1.5. గల్లాపెట్టెలో 5,000 బదులు 4,675 కనపడగానే గుండె జారుతుంది. మిగులు చూస్తే 2,125. గల్లా తగ్గింది, లాభం పెరిగింది! వ్యాకోచత్వం ఒకటి దాటితే ధర పెంచకూడదని చెప్పేవాళ్లు ఖర్చును మరిచిపోతారు.

పరీక్ష పెట్టేటప్పుడు ధర తప్ప ఇంకేదీ కదలకూడదు. దోశ సైజు, చట్నీ అలాగే ఉండాలి. రెండు వారాలు పాత ధర, రెండు వారాలు కొత్త ధర పెట్టి, సోమవారాన్ని సోమవారంతోనే పోల్చాలి. చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలున్న ఊళ్లో సెలవులొస్తే అమ్మకం దానంతటదే పడుతుంది, ఆ తప్పు ధర మీదికి పోతుంది. సాదా దోశ లెక్క కూడా రాసుకోవాలి. మసాలా మానేసినవాళ్లు సాదా దోశకు మళ్లారా, అసలు రావడమే మానేశారా అన్నది అక్కడే తెలుస్తుంది. ఒకే పూట ఒకరికి 50, ఇంకొకరికి 55 చెప్పడం మాత్రం వద్దు. వాళ్లిద్దరూ ఒకే హాస్టల్‌లో ఉండొచ్చు.

రెండు వారాల్లో తేలేది తొలి స్పందనే. రోజూ తినేవాళ్లు వేరే చోటు వెతుక్కోవడానికి సమయం పడుతుంది, అందుకే మూడు నెలలకు ఆ 80ని పక్కన పెట్టుకుని మళ్లీ ఓ వారం ప్లేట్లు లెక్కపెట్టాలి.