‘తేడా’ కథ: మర్యాద ఎక్కడ గౌరవమైంది?



గత పాఠంలో పాత్రచిత్రణ గురించి చదువుకున్నారు. ఈ పాఠంలో ఒకే ఒక కథను దగ్గరగా చూద్దాం. దీని పేరు ‘తేడా’. ఇది అచ్చయిన కథ కాదు. మీలాగే దూరవిద్యలో డిగ్రీ చదువుతూ బ్యాంకులో పనిచేసే ఒక విద్యార్థి సంపర్క తరగతికి వచ్చినప్పుడు నా చేతికిచ్చాడు. పేరు రాయవద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. ఒక పత్రిక దీన్ని తిప్పి పంపిందనీ, లోపం ఎక్కడుందో చెప్పమనీ అడిగాడు. ఆ రోజు నేను చెప్పిన జవాబు సరిగా లేదు. ఈ పాఠం ఆ జవాబును మళ్లీ చెప్పే ప్రయత్నం.

కథ జరిగేది 1990ల తొలి సంవత్సరాల్లో, ఇంకా కంప్యూటరు రాని ఒక చిన్న ఊరి బ్యాంకు శాఖలో. రవీంద్రకు ఇరవై తొమ్మిదేళ్లు. పోటీ పరీక్ష రాసి నేరుగా ఆఫీసరుగా చేరి, మొదటిసారి మేనేజరుగా వచ్చాడు. పురుషోత్తం అదే శాఖలో ఇరవై రెండేళ్లుగా గుమాస్తా. మేనేజరు వచ్చిన మొదటి వారం ఇద్దరి మధ్యా హాజరు పుస్తకం దగ్గర ఒక చిన్న ఘర్షణ జరుగుతుంది. తర్వాత కౌంటరు దగ్గర ఒక సంఘటన, అర్ధ సంవత్సరం లెక్కల దగ్గర మరో సంఘటన, చివర పదవీ విరమణ సభ. కథంతా ఇంతే.

మొదట మాట తీరు గమనించండి. ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారన్నది తెలుగు కథకుడికి ఉన్న గొప్ప సాధనం. రవీంద్ర మొదటి రోజు అనే మాట ఇది: “పురుషోత్తం, ఎస్బీ లెడ్జరు ఇలా తీసుకురండి.” క్రియలో ‘రండి’ ఉంది, పేరు చివర ‘గారు’ లేదు. ఆఫీసు పద్ధతి ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. కానీ తండ్రి వయసు మనిషిని అలా పిలిస్తే మన చెవికి ఏదో తగులుతుంది. పురుషోత్తం జవాబు మరీ గడుసుది: “అలాగే సార్. తెస్తాను సార్. ఇదిగో సార్.” మూడు ముక్కల్లో మూడు ‘సార్’లు. అవి వినయంతో అన్నవి కావు. దగ్గరికి రానివ్వకుండా మధ్యలో కట్టిన గోడ అది. తోటి ఉద్యోగుల దగ్గర అతను మేనేజరును ‘ఆ కుర్రాడు’ అంటాడని రచయిత అదే పుటలో చెప్పడం వల్ల ఆ ‘సార్’ విలువెంతో మనకు తెలిసిపోతుంది. ఇద్దరి మధ్యా మర్యాద మొదటి పుట నుంచే ఉంది. లేనిది గౌరవం. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే కథావస్తువు.

ఇక కథకు గుండెకాయ లాంటి ఘట్టం. బ్యాంకు పని తెలియని వారి కోసం కొంచెం వివరిస్తాను. చేతిరాత లెడ్జర్ల కాలంలో ఒక్కో ఖాతాదారుడి నిల్వను లెడ్జరు నుంచి ఒక కాగితం మీదికి ఎక్కించి అన్నింటినీ కూడేవారు. ఆ మొత్తం జనరల్ లెడ్జరులోని పొదుపు ఖాతాల మొత్తంతో సరిపోవాలి. కథలో 612 ఖాతాలు ఉన్నాయి. కాగితాల మీది మొత్తం 2,700 రూపాయలు ఎక్కువ వచ్చింది. రవీంద్ర రెండు సాయంత్రాలు కాలిక్యులేటరుతో కూడిందే మళ్లీ కూడతాడు. ఎన్నిసార్లు కూడినా అదే తేడా. పురుషోత్తం తన బల్ల సర్దుకుని ఐదున్నరకు “వస్తాను సార్” అని వెళ్లిపోతాడు.

మూడో సాయంత్రం వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి అడుగుతాడు: “తొమ్మిదితో భాగించి చూశారా సార్?”

ఈ ప్రశ్న వెనుక ఉన్న పని మీకు అర్థం కాకపోతే కథ సగమే అందుతుంది. పక్కపక్కన ఉన్న రెండు అంకెలు రాతలో తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. 47ను 74గా రాస్తే తేడా 27. వేల స్థానం, వందల స్థానం తారుమారైతే తేడా 900లలో ఉంటుంది. 2,700 అంటే మూడు 900లు. అంటే ఆ రెండు అంకెల మధ్య తేడా మూడు. మొత్తం ఎక్కువ వచ్చింది కాబట్టి కాగితం మీద వేల అంకె పెద్దదిగా ఉండాలి. కాబట్టి 612 నిల్వలనూ లెడ్జరుతో పోల్చనక్కర లేదు. కాగితం మీద వేల అంకె వందల అంకె కంటే మూడు ఎక్కువ ఉన్న వాటిని ఏరి, వాటినే పోలిస్తే చాలు. కథలో అలాంటివి పంతొమ్మిది తేలతాయి. పదకొండోది పట్టుబడుతుంది. లెడ్జరులో 4,730 ఉన్నది కాగితం మీద 7,430 అయింది.

అయితే తొమ్మిదితో పోయినంత మాత్రాన అంకెలే తారుమారయ్యాయని చెప్పలేం. సరిగ్గా 2,700 రూపాయల పద్దు ఒకటి ఒకచోట ఎక్కి మరోచోట ఎక్కకపోయినా అదే తేడా వస్తుంది. 1,350 రూపాయల పద్దు జమకు బదులు ఖర్చు వైపు పడినా అంతే. పురుషోత్తం ముందుగా ఈ రెండింటినీ అడిగి, “చూశాను” అనిపించుకున్నాకే తొమ్మిది దగ్గరికి వెళతాడు. రచయితకు తన వృత్తి తెలుసుననడానికి ఇది గుర్తు. పని తెలియని రచయిత అయితే “అనుభవజ్ఞుడైన పురుషోత్తం క్షణంలో తప్పు పట్టుకున్నాడు” అని ఒక వాక్యంతో సరిపెట్టేవాడు. అప్పుడు గౌరవించమని రచయిత మనకు చెప్పినట్టు ఉండేది. ఇక్కడ రవీంద్రతో పాటు మనమూ ఆ మెట్లెక్కుతాం కాబట్టి, అడక్కుండానే గౌరవిస్తాం.

తర్వాత జరిగేది ఇంకా బాగుంది. 7,430 అన్న అంకెలు పురుషోత్తం చేతిరాత. రవీంద్ర దాన్ని గుర్తుపడతాడు, ఏమీ అనడు. తప్పు అంకెను అడ్డగీతతో కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెడతాడు. అప్పుడు పురుషోత్తమే అంటాడు: “నా రాతే సార్. కుడికన్ను ఈ మధ్య మసకగా ఉంటోంది.” ఒక నిమిషం తర్వాత రవీంద్ర అంటాడు: “పురుషోత్తం గారూ, ఆ ట్యూబ్‌లైటు రేపు మీ బల్ల పైకి మార్పిద్దాం.”

కథ మొత్తంలో ‘గారు’ మొదటిసారి వచ్చింది ఇక్కడ. ఒక్క పేరా ముందు, అంటే తొమ్మిది కిటుకు విన్న వెంటనే వచ్చి ఉంటే, అది నేర్పరితనానికి మెచ్చుకోలు అయ్యేది. తప్పు ఒప్పుకున్నాక రావడంతో అది మనిషికి దక్కింది. అటు పురుషోత్తం కూడా ఆ రాత్రి తాళాలు వేస్తూ “భోజనం ఎక్కడ చేస్తున్నారు?” అని అడుగుతాడు. చివర ‘సార్’ లేదు. రచయిత దాన్ని ఎత్తి చూపడు. నేను రెండోసారి చదివినప్పుడు గానీ గమనించలేదు.

కథ రవీంద్ర భుజం మీదుగా నడుస్తుంది. పురుషోత్తం మనసులోకి ఒక్కసారి కూడా వెళ్లదు. అందుకని అతని మార్పు చేతల్లో కనిపించాలి. మొదట్లో అతను లెడ్జరును మూసి, బల్ల చివర పెట్టి వెళ్లేవాడు. చివరికి వచ్చేసరికి కావలసిన పుట తెరిచి, చీటీ పెట్టి, మేనేజరు చేతికి అందేచోట ఉంచుతాడు. ఈ రెండు వాక్యాల మధ్య తొమ్మిది పుటల దూరముంది. మీరు వెతికి పక్కపక్కన రాసుకోండి.

ఇప్పుడు నాకు నచ్చని చోటు. కౌంటరు సంఘటనలో వేలిముద్ర వేసే ఒక ముసలామె ఖాతా నుంచి డబ్బు తీయడానికి ఆమె మేనల్లుడు ఫారం తెస్తాడు. ఆమెకు జబ్బుగా ఉందంటాడు. “ఇరవై ఏళ్లుగా తెలిసిన ఇల్లు సార్, ఇచ్చేయండి” అంటాడు పురుషోత్తం. చదువురాని ఖాతాదారు స్వయంగా వచ్చి, బ్యాంకు మనిషి ఎదుట వేలిముద్ర వేయాలి. రాలేని స్థితిలో ఉంటే ఆ వేలిముద్ర ఆమెదేనని సాక్షులు నిర్ధారించాలి, వారిలో ఒకరు బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి. రవీంద్ర డబ్బివ్వడు. సాయంత్రం తానే ఆమె ఇంటికి వెళతాడు. ఆమెకు జబ్బూ లేదు, ఈ సంగతీ తెలియదు.

దీనివల్ల పురుషోత్తం కూడా మేనేజరును గౌరవించడానికి ఒక కారణం దొరికిందన్నది రచయిత ఉద్దేశం. కానీ ఇది చవకగా దొరికిన కారణం. మేనల్లుడు దొంగ కావడంతో నిబంధన దానంతటదే గెలిచింది. ఆమె నిజంగానే మంచాన ఉండి, వేలిముద్ర నిజంగా ఆమెదే అయి ఉంటే? రవీంద్ర నిబంధన ప్రకారం ఒప్పు, పురుషోత్తం మనుషుల ఎరుక ప్రకారం ఒప్పు. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి స్కూటరు మీద ఆమె ఇంటికి వెళ్లి, సాక్షి సంతకం పురుషోత్తమే చేయవలసి వచ్చేది. ఎవరూ ఓడకుండానే ఒకరి పద్ధతి మరొకరికి అర్థమయ్యేది. తిప్పి పంపిన సంపాదకుడు పట్టుకున్నది బహుశా దీన్నేనని నా ఊహ.

పోలిక కోసం కిప్లింగ్ కథ ‘ఎ బ్యాంక్ ఫ్రాడ్’ చూడవచ్చు. 1888లో వచ్చిన ‘ప్లెయిన్ టేల్స్ ఫ్రమ్ ది హిల్స్’ సంపుటిలో ఉంది. అందులో బ్యాంకు మేనేజరు రెగీ బర్క్, తనను చిన్నచూపు చూసే అకౌంటెంట్ రైలీ క్షయతో మంచాన పడితే, అతన్ని ఉద్యోగం నుంచి తీసేసిన ఉత్తరాన్ని దాచి, జీతం తన జేబులోంచి ఇస్తాడు. రైలీ చివరి వరకూ తానే గొప్పవాడిననుకుంటూ పోతాడు. అక్కడ మంచితనం ఒకవైపే ప్రవహిస్తుంది, ఆ కథ చేదంతా అందులోనే ఉంది. ‘తేడా’ ఎంచుకున్న పని ఇంతకంటే కష్టమైనది. రెండు వైపులా ప్రవాహం చూపించాలి, అదీ ఎవరూ ఎవరికీ ఉపకారం చేయకుండా.

పదవీ విరమణ సభ సంగతి. శాలువా, పూలదండ, రవీంద్ర ఉపన్యాసం, పురుషోత్తం కళ్లనీళ్లు. “మీ దగ్గర నేను ఎంతో నేర్చుకున్నాను” అన్న వాక్యం అక్కడే వస్తుంది. దీన్ని తీసేయమని ఆ రోజు అతనితో అన్నాను. “మా శాఖలో నిజంగా అలాగే జరిగింది సార్” అన్నాడు. జరిగింది కాబట్టి కథలో ఉండాలన్న నియమం లేదని పెద్దమనిషి తరహాలో చెప్పి పంపించేశాను. అతను మొహం చిన్నబుచ్చుకుని వెళ్లాడు.

ఇప్పుడు మళ్లీ చదివితే నా సలహా పూర్తిగా సరైంది కాదనిపిస్తోంది. ఉపన్యాసం పోవలసిందే. ట్యూబ్‌లైటు మాటలో ఉన్నదాన్నే అది గట్టిగా మళ్లీ చెబుతుంది. కానీ ఆ సభలో నేను తొందరలో దాటేసిన ఒక వాక్యం ఉంది. జనం వెళ్లిపోయాక పురుషోత్తం తన సొరుగు ఖాళీ చేస్తూ, తాను వాడే చెక్క రూళ్లకర్రను మేనేజరు బల్ల మీద పెట్టి, “గీతలకు బాగుంటుంది” అని వెళ్లిపోతాడు. ‘సార్’ లేదు, వీడ్కోలు లేదు. నేను సభనంతా కొట్టేయమన్నప్పుడు ఆ రూళ్లకర్ర కూడా పోయింది.

అభ్యాసం: సభ ఘట్టంలో ఏయే వాక్యాలు ఉంచుతారో, ఏవి తీసేస్తారో గుర్తించండి. ప్రతి ఒక్కదానికీ కారణాన్ని కథలోని ముందు పుటల నుంచే చూపుతూ ఒక పుటకు మించకుండా రాయండి. కౌంటరు సంఘటనను పైన సూచించినట్టు మార్చితే లెడ్జరు ఘట్టంలో ఏయే మాటలు మార్చవలసి వస్తుందో కూడా చూడండి.