అధిక్షేపానికి చప్పట్లు: ‘దానవీరశూరకర్ణ’ సంభాషణ – ఒక పరిశీలన

‘పంచ్ డైలాగ్’ అనే వ్యవహారం ఇటీవలిదే గాని, ఎదుటివాణ్ణి నొప్పించే మాటకు తెలుగు ప్రేక్షకులు చప్పట్లు కొట్టడం కొత్త కాదు. పద్యనాటకాల రాయబార ఘట్టాల్లో ఎత్తిపొడుపు పద్యాలకు ‘వన్స్ మోర్’ కొట్టిన సభలు ఇందుకు పూర్వరంగం. అదే ఎత్తిపొడుపు వీధిలో వినిపిస్తే అమర్యాద అనిపించుకుంటుంది. ఈ భేదానికి మూలమేమిటో ఎన్.టి. రామారావు దర్శకత్వంలో 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లోని అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం చక్కగా తెలుపుతుంది. దీని సంభాషణల రచయిత కొండవీటి వెంకటకవి.

నిండుసభలో కర్ణుని కులం ప్రశ్నకు గురవుతుంది. దుర్యోధనుడు లేచి ఆచార్యుని జన్మవృత్తాంతాన్నే ఎత్తిచూపుతాడు. ప్రేక్షకుడు ముందుగా కర్ణుని తలవంపును చూశాడు. కనుక దుర్యోధనుని మాట అతనికి దూషణగా గాక బదులుగా వినిపిస్తుంది. వీధిలోని పరుషవాక్యానికి ఇట్టి పూర్వకథ వినేవారికి తెలియదు. పైగా అక్కడ విన్నవాడే దానికి గురి అవుతాడు. థియేటర్‌లో ఆ దెబ్బ ఎవరి ఒంటికీ తగలదు. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ఇక్కడ పనిచేస్తుంది: కర్ణుని అవమానం ఒక వ్యక్తిది కాకుండా పుట్టుక పేరిట తోసివేతకు గురైన ప్రతివానిదీ అవుతుంది.

రూపం కూడా ముఖ్యమే. నింద నేరుగా తీర్పుగా రాదు. ప్రశ్నల వరుసగా వస్తుంది. సంబోధనలో గౌరవం నిలిచే ఉంటుంది, ప్రశ్న మాత్రం గుచ్చుతుంది. తత్సమ సమాసాల బిగువు, ఒక్కో ప్రశ్న తర్వాతి విరామం కోపాన్ని అదుపులో ఉంచుతాయి. నోరు జారినవాని మాటలో లేనిది ఈ అదుపే.

అన్నింటికన్న కీలకం మరొకటి. వ్యాసభారతంలో దుర్యోధనుడు భీమునికి బదులిస్తూ ద్రోణ కృపుల జననాలను పేర్కొని, చివరకు పాండవుల పుట్టుకను దెప్పుతాడు. సినిమాలో ఆ వేలు తన వంశం వైపే తిరుగుతుంది. కురువంశమే ఏనాడో సంకరమైందని అతడే ఒప్పుకుంటాడు. తననూ కలుపుకొన్న నింద వ్యక్తిదూషణ స్థాయిని దాటి వాదమవుతుంది. చప్పట్లకు నైతికబలం ఇచ్చేది ఇదే.

అయితే ఆ వాదానికి ఒక మూల్యం ఉంది. కులం వ్యర్థమని నిరూపించడానికి అరుంధతి, మత్స్యగంధి మొదలైన స్త్రీల పుట్టుకనే సంభాషణ ఆయుధంగా వాడుతుంది. వారి కులం హీనమని సభ అంగీకరిస్తేనే ఆ ప్రశ్నలకు పదును వస్తుంది. బదులు చెప్పేందుకు ఆ స్త్రీలు సభలో లేరు. అంటే ఆచార్యునిపై ప్రయోగించినప్పుడు బదులైన మాట, వారి విషయంలో వట్టి దూషణగానే మిగిలింది. శైలి ఆ తేడాను వినిపించనీయలేదు. కాబట్టి పంచ్ డైలాగ్‌ను అంచనా వేసేటప్పుడు అది ఎవరికి బదులు చెప్పిందో చూడటంతో ఆగక, దారిలో ఎవరిని తొక్కిందో కూడా విమర్శకుడు పరిశీలించవలసి ఉంటుంది.